మీ రెలెవెంట్ ఎక్స్‌పీరియన్స్ ఎంత?

(గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ఫైనల్ ఇయర్ పిల్లలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సరే. ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్ళైనవాళ్ళు? ఓ, మీరే ఎక్కువ ఉన్నారు. మంచిది. ఈరోజు చెప్పబోయేది ముఖ్యంగా మీకే పనికొస్తుంది.

నేను 2006 నుంచి హైదరాబాదులో ఐటీ కంపెనీలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను. మొదట ఒక కన్సల్టెన్సీలో, తరవాత కంపెనీల లోపల. పొద్దున లేస్తే రెజ్యూమెలే. ఇన్నేళ్ళలో నన్ను అందరికంటే ఎక్కువ బాధపెట్టింది ఇంటర్వ్యూలో ఫెయిలైనవాళ్ళు కాదు. మంచి పిల్లలై ఉండి, కష్టపడి పనిచేసి, మూడేళ్ళు గడిచాక "నాకు కాల్స్ ఎందుకు రావట్లేదు సార్" అని అడిగినవాళ్ళు. వాళ్ళకు సమాధానం చెప్పడం కష్టం. ఎందుకంటే తప్పు జరిగింది మూడేళ్ళ క్రితం, ఆ ఉద్యోగంలో చేరిన రోజున.

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఉద్యోగం మారదామని నౌక్రీలో రెజ్యూమె పెట్టారు. రిక్రూటర్ ఫోన్ చేసింది. మొదట ఏం అడుగుతుంది? ఎవరైనా చెప్పండి. ఆ, కరెక్ట్. "టోటల్ ఎక్స్‌పీరియన్స్ ఎంత? రెలెవెంట్ ఎక్స్‌పీరియన్స్ ఎంత? ఇప్పుడు సీటీసీ ఎంత? ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు? నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు?" ఈ ఐదు ప్రశ్నలే. అవతల ఆమె ముందు ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది, మీ సమాధానాలు అందులో నింపుతుంది. మొదటి గడి, టోటల్, దానంతటదే పెరుగుతుంది. క్యాలెండర్ తిరిగితే చాలు. రెండో గడి, రెలెవెంట్, అంటే వాళ్ళు అడిగే పనిలోనే మీకున్న అనుభవం, అలా పెరగదు. ఆ రెండో గడి ఖాళీగా ఉంటే మిగతా మూడు గడులు ఎవరూ చూడరు.

కాబట్టి ఒక ఆఫర్ చేతికొచ్చినప్పుడు, ఇది తీసుకుంటే రెండేళ్ళ తరవాత నా రెండో గడిలో ఏం రాయగలను అని అడగండి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. పేరు వద్దు. నరసరావుపేట దగ్గర ఒక ఊరు. మా బంధువుల ద్వారా నా దగ్గరకు వచ్చింది, చేతిలో రెండు ఆఫర్ లెటర్లతో. అప్పటికి ఆమెకు టోటల్ ఎక్స్‌పీరియన్స్ రెండేళ్ళ నాలుగు నెలలు. క్యాంపస్‌లో ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో వచ్చింది. మూడు నెలలు జావా ట్రైనింగ్ ఇచ్చారు. రెండు నెలలు ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద ఉంచారు. తరవాత ఏదో విదేశీ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులో అప్లికేషన్ సపోర్ట్‌లో వేశారు.

"రోజూ ఏం చేస్తావమ్మా, నిన్న రాత్రి షిఫ్టులో ఏం చేశావో చెప్పు" అన్నాను. చెప్పింది. రాత్రి పదకొండున్నరకు ఒక టికెట్ వచ్చింది. ఎవరో కస్టమర్ పాలసీ పత్రం తయారు కాలేదు. ఏ సమస్యకు ఏం చేయాలో రాసిపెట్టే రన్‌బుక్ తెరిచింది. అందులో పదిహేడో పేజీలో ఒక క్వెరీ రాసి ఉంటుంది. దాన్ని కాపీ చేసి పాలసీ నంబర్ మార్చి నడిపింది. స్టేటస్ ఎఫ్ అని వస్తే జాబ్ మళ్ళీ స్టార్ట్ చేయాలి. చేసింది. పత్రం వచ్చింది. టికెట్ మూసేసింది. స్టేటస్ ఎఫ్ కాకుండా ఇంకేదైనా వస్తే? "పైన ఎల్ త్రీ టీమ్ ఉంటుంది, వాళ్ళకి పంపేస్తాం సార్." అసలు అది ఎందుకు ఫెయిలవుతోంది? "అది వాళ్ళు చూస్తారు సార్."

అదండీ విషయం. ఆ అమ్మాయికి తెలివి లేక కాదు. ఆమె చేసే పనిలో "ఎందుకు" అనే మాటకు చోటు లేదు. రెండేళ్ళ నాలుగు నెలలు టోటల్. జావా డెవలపర్ ఉద్యోగానికి రెలెవెంట్ ఎంత? సున్నా. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "ఆ గడిలో ఏం రాయాలో తెలియక ఒకసారి రెండేళ్ళు అని చెప్పేశాను సార్, మొదటి రౌండ్లో రెండో ప్రశ్నకే దొరికిపోయాను" అంది. చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇప్పుడు ఆ రెండు ఆఫర్లు. మొదటిది గచ్చిబౌలి వైపు ఉన్న ఒక విదేశీ బ్యాంకు వాళ్ళ సొంత సెంటర్. ఈమధ్య అందరూ జీసీసీ అంటున్నారే, అది. తొమ్మిదిన్నర లక్షలు. పని మళ్ళీ అప్లికేషన్ సపోర్టే. రెండోది కొండాపూర్‌లో డెబ్బై మంది ఉన్న చిన్న కంపెనీ. ఆసుపత్రులకు బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఏడు లక్షలు. జావా డెవలపర్. టెస్టు పెట్టి, కోడ్ రాయించి తీసుకున్నారు. సపోర్ట్ నుంచి వచ్చింది కదా అని ఏడుకే ఆపారు.

ఇంట్లో అందరూ మొదటిదే అన్నారు. వాళ్ళ నాన్నగారు "నలుగురిలో చెప్పుకుంటే తెలిసే పేరు, పైగా రెండున్నర లక్షలు ఎక్కువ, ఇంకా ఆలోచన ఏమిటి?" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదండీ. ఆయన చూసినవి రెండూ నిజమే. కానీ ఆయనకు కనపడనివి మూడున్నాయి.

మొదటిది, పేరు సంగతి. కంపెనీ పేరు ఎవరికి తెలియాలి? చుట్టాలకు తెలిస్తే పెళ్ళి సంబంధాల్లో పనికొస్తుంది. నేను వెక్కిరించట్లేదు, అదీ జీవితంలో భాగమే. రిక్రూటర్‌కు తెలిస్తే మీ రెజ్యూమె తెరుస్తుంది. మేనేజరుకు తెలిస్తే, అంటే తరవాతి ఉద్యోగంలో మిమ్మల్ని తన టీమ్‌లోకి తీసుకునే మనిషికి తెలిస్తే, "అక్కడ వీళ్ళు ఇలాంటి పని చేస్తారు" అని ఒక అంచనా ముందే ఉంటుంది. ఈ మూడు పేర్లూ ఒకటి కావు. పేమెంట్స్ రంగంలో కొన్ని కంపెనీలున్నాయి, వాటి పేరు మీ వీధిలో ఒక్కరికీ తెలియదు. కానీ బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేసే మేనేజరు ఆ పేరు చూస్తే చాలు, కుర్చీలో ముందుకు జరుగుతాడు.

పేరు ఎంతవరకు పనిచేస్తుంది? నేను చూసినంతలో తలుపు తెరిచేవరకు. వందల రెజ్యూమెలు వచ్చినప్పుడు మా దగ్గర టైముండదు, తెలిసిన పేరున్నవి ముందు తెరుస్తాం. ఇది న్యాయం కాదు, కానీ జరిగేది ఇదే. ఒకసారి టెక్నికల్ రౌండ్‌లో కూర్చున్నాక పేరు గురించి ఎవరూ అడగరు. "మీరు ఏం చేశారు" అనే అడుగుతారు.

ఆ పేరు కూడా శాశ్వతం కాదు. మీలో కొంతమంది అప్పుడు బడిలో ఉండి ఉంటారు. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ ఉత్తరం రాసిన రోజు. ముందు రోజు వరకు మన తెలుగువాళ్ళకు సత్యంలో ఉద్యోగం అంటే ఎంత గొప్ప! ఆ వారం నుంచి మాకు రెజ్యూమెలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మూడు నెలల తరవాత, ఏప్రిల్‌లో, టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది, 2013లో పూర్తిగా కలిపేసుకుంది. కానీ ఆ మూడు నెలలూ ఆ రెజ్యూమెలు ఎలా చూశామో చెప్తాను వినండి. మొదటి లైన్లో ఉన్న కంపెనీ పేరు ఏమీ చెప్పడం లేదు. అందుకని కిందకు చూశాం. ఏ మాడ్యూల్, ఏ ప్రాజెక్టు, నువ్వు స్వయంగా చేసింది ఏమిటి? శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఫలానా మాడ్యూల్ చివరిదాకా అమలు చేశాను అని చెప్పగలిగినవాళ్ళకు వెంటనే పిలుపులు వెళ్ళాయి. "ప్రాజెక్ట్ కోఆర్డినేషన్" అని మాత్రమే రాసుకున్నవాళ్ళ రెజ్యూమెలు కింద ఉండిపోయాయి. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే అనుభవం.

మళ్ళీ మన అమ్మాయి దగ్గరకు వద్దాం. ఆమె రెజ్యూమెలో పెద్ద పేరు ఇప్పటికే ఒకటి ఉంది. క్యాంపస్‌లో వచ్చిన కంపెనీ. అది దేశంలో ఏ రిక్రూటర్‌కైనా తెలుసు. తలుపు తెరవడానికి ఒక పేరు చాలు. దాని పక్కన రెండో పెద్ద పేరు పెడితే తలుపు రెండుసార్లు తెరుచుకోదు కదా. ఆమెకు లేనిది ఏమిటి? రెండో గడి. మీ రెజ్యూమెలో ఏది లేదో ముందు చూసుకోండి. ఉన్నదాన్నే మళ్ళీ కొనుక్కోవద్దు.

ఇక రెండో విషయం, చేతికొచ్చే పని. దీన్ని ఊహించి చెప్పకూడదు, లెక్కపెట్టాలి. నేను ఆ అమ్మాయితో చేయించినది చెప్తాను, మీరూ చేయొచ్చు, ఒక సాయంత్రం పని. "రెండేళ్ళ తరవాత ఏ ఉద్యోగం కావాలి?" అన్నాను. "ఏదైనా మంచి ప్రాడక్ట్ కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్" అంది. సరే, నౌక్రీలో, లింక్డ్‌ఇన్‌లో నాలుగేళ్ళ అనుభవం అడిగే బ్యాకెండ్ ఉద్యోగాల ప్రకటనలు ఇరవై తీసుకురమ్మన్నాను. హైదరాబాదువి మాత్రమే. ఈరోజు దొరికే ఉద్యోగాలకు కాదు, రెండేళ్ళ తరవాత తను నిలబడబోయే చోటుకు. అది గమనించండి, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

ఒక నోటుబుక్కులో ఎడమవైపు ఒక్కొక్క ప్రకటనలో అడిగినవి రాసి, ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టింది. జావా, స్ప్రింగ్ బూట్ దాదాపు అన్నింటిలో. ఎస్‌క్యూఎల్ అన్నింటిలో. ఏపీఐలు తయారు చేయడం పదిహేడింటిలో. యూనిట్ టెస్టులు రాయడం పద్నాలుగింటిలో. క్లౌడ్ పదమూడింటిలో. "ప్రొడక్షన్ సమస్యలు పరిష్కరించిన అనుభవం" అనేది తొమ్మిదింటిలో ఉంది. అది చూసి ఆమె ముఖం వెలిగింది, ఎందుకంటే అది ఆమె దగ్గర కొంత ఉంది. ఆ రెండేళ్ళ నాలుగు నెలలూ పూర్తిగా వృథా కాలేదన్నమాట.

తరవాత కుడివైపు రెండు నిలువు గీతలు గీసి, ఈ రెండు ఆఫర్లలో ఏది ఏది చేయిస్తుందో రాయమన్నాను. రాయాలంటే తెలియాలి కదా? ఆఫర్ లెటర్‌లో ఉండదు. "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" అని ఉంటుంది, అంతే. అందుకని ఇద్దరు మేనేజర్లనూ అడగమన్నాను. ఏం అడగాలి? "లెర్నింగ్ బాగుంటుందా సార్" అని అడిగితే ప్రపంచంలో ఎవరైనా బాగుంటుందనే చెప్తారు. అలా కాదు. "ఈ స్థానంలో ఇంతకుముందు ఉన్న వ్యక్తి పోయిన వారం ఏం చేశారు సార్?" అని అడగాలి. "కోడ్ మార్పులు ఈ టీమ్ చేస్తుందా, వేరే టీమ్‌కు వెళ్తుందా? నేను రాసిన కోడ్ ఎవరు చూస్తారు? వాడే టూల్స్ బయట దొరికేవా, మీ సొంతంగా తయారు చేసుకున్నవా?"

ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది కానీ చాలా ముఖ్యం. పెద్ద బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో లోపల లోపలే తయారు చేసుకున్న టూల్స్ ఉంటాయి. వాటిలో మీరు ఎంత నిపుణులైనా ఆ గేటు దాటి బయటికొచ్చాక ఆ పేరు ఎవరూ వినరు. రిక్రూటర్ ఆ పేరు కొట్టి వెతకదు.

బ్యాంకు మేనేజరు నిజాయితీపరుడండీ, ఉన్నదున్నట్టు చెప్పాడు. కోడ్ మార్పులు వేరే దేశంలో ఉన్న టీమ్ చేస్తుంది, ఇక్కడ టికెట్లు, రాత్రి జాబుల పర్యవేక్షణ. టూల్ వాళ్ళ సొంతది. "ఒక ఏడాది తరవాత లోపల డెవలప్‌మెంట్‌కు మారే అవకాశం ఉంది" అన్నాడు. "పోయిన ఏడాది మీ టీమ్ నుంచి అలా ఎంతమంది మారారు సార్" అని అడిగింది అమ్మాయి. కాసేపు ఆగి "ఒకరు" అన్నాడు. టీమ్ ఎంత? ఇరవై ఇద్దరు. "అవకాశం ఉంది" అన్న మాటలో అబద్ధం లేదు. ఇరవై ఇద్దరిలో ఒకరికి ఉంది.

చిన్న కంపెనీలో కోడ్ రాసేది వీళ్ళే, స్ప్రింగ్ బూటే, మొదటి నెల నుంచే పని ఇస్తారు. కానీ అక్కడా లోపాలు బయటపడ్డాయి. టెస్టులు రాసే అలవాటు పెద్దగా లేదు. కోడ్ చూసి తప్పొప్పులు చెప్పే సీనియర్ ఒక్కడే. ఆయన వెళ్ళిపోతే? నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. చిన్న కంపెనీలో చేరేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి. పని దొరుకుతుంది, కానీ పని నేర్పేవాడు ఉన్నాడా? మన తప్పు మనకు చెప్పేవాడు లేకపోతే ఆ తప్పునే రెండేళ్ళు అలవాటు చేసుకుంటాం.

మూడో విషయం, ఆ సీటు నుంచి లేచినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు. భవిష్యత్తు ఎవరికీ తెలియదు. కానీ మీకంటే ముందు అదే కుర్చీలో కూర్చుని లేచి వెళ్ళినవాళ్ళ గతం లింక్డ్‌ఇన్‌లో తెరిచిపెట్టి ఉంది. ఎవరూ చూడరు! కంపెనీ పేరును పాత ఉద్యోగంగా పెట్టి వెతకండి. కంపెనీ మొత్తం చూడొద్దు, మీకిచ్చిన హోదానే చూడండి. అక్కడి డేటా సైంటిస్ట్ ఎక్కడికి వెళ్ళాడో మీకు అనవసరం. ఎన్నాళ్ళున్నారు, తరవాతి హోదా ఏమిటి, ఆ తరవాత ఎక్కడ. పది పదిహేను మంది దొరికితే చాలు, ఒక దారి కనపడుతుంది.

ఆమె చూసింది. బ్యాంకు సపోర్ట్ టీమ్ నుంచి బయటికొచ్చినవాళ్ళు పద్నాలుగు మంది దొరికారు. పది మంది వేరే బ్యాంకుల సపోర్ట్‌కే వెళ్ళారు, కొంచెం పెద్ద హోదా, బహుశా ఎక్కువ జీతం. ఇద్దరు ఎంఎస్‌కు వెళ్ళారు. ఇద్దరు మాత్రం ఆటోమేషన్ వైపు మారారు. చిన్న కంపెనీ నుంచి వెళ్ళినవాళ్ళు తొమ్మిది మందే దొరికారు. ఆరుగురు డెవలపర్లుగానే పెద్ద చోట్లకు వెళ్ళారు. అందులో ఒకరు ఇదే బ్యాంకు సెంటర్‌లో డెవలపర్! అది చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

జాగ్రత్త, ఇందులో ఒక లోపం ఉంది. బాగా స్థిరపడినవాళ్ళు ప్రొఫైల్ చక్కగా పెట్టుకుంటారు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు పెట్టుకోరు. కాబట్టి కనపడేది కొంచెం అందంగానే కనపడుతుంది. తొమ్మిది మందితో పెద్ద తీర్మానాలు చేయకూడదు కూడా. కానీ సపోర్ట్ నుంచి సపోర్ట్‌కే పది మంది వెళ్ళారంటే, ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో అర్థం కావడానికి అంతకంటే ఏం కావాలి?

ఆమె చిన్న కంపెనీలో చేరింది. ఏడాదికి రెండున్నర లక్షలు తక్కువకు. ఇంట్లో రెండు నెలలు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నేను కూడా నిద్రపోలేదు, నిజం చెప్తున్నాను. సలహా ఇవ్వడం తేలిక, ఈఎంఐ కట్టేది వాళ్ళు. ఆమెకు ఎడ్యుకేషన్ లోన్ దాదాపు తీరిపోయింది కాబట్టి ధైర్యం చేయగలిగింది. ఇంట్లో జీతం కోసం ఎదురుచూసేవాళ్ళుంటే ఆ రెండున్నర లక్షలే ముఖ్యం, అప్పుడు మొదటిది తీసుకోవడమే సరి. ఎవరి ఇంటి లెక్క వాళ్ళది.

అక్కడ అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఏడాదిన్నర తరవాత కంపెనీకి పెద్ద క్లయింటు ఒకరు వెళ్ళిపోయారు. జీతాలు రెండు నెలలు ఆలస్యమయ్యాయి. ఫోన్ చేసింది, టెన్షన్‌లో ఉంది. నేను చెప్పింది ఒకటే, కాగితాలు సర్దుకో అమ్మా అని. ఇది అందరూ వినండి. చిన్న కంపెనీ పేరుకు ఉన్న అసలు ఇబ్బంది ఇదే. రేపు కొత్త కంపెనీవాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తారు. పాత కంపెనీ మూతపడితే, ఫోన్ ఎత్తేవాళ్ళే లేకపోతే, మీరు అక్కడ పనిచేశారని ఎవరు చెప్తారు? మీ పీఎఫ్ చెప్తుంది. మీ పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్‌తో పోర్టల్‌లోకి వెళ్తే మీ పాస్‌బుక్‌లో ఏ కంపెనీ ఏ నెల జమ చేసిందో ఉంటుంది. ఫారం 16 చెప్తుంది. జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్ చెప్తుంది. ఆఫర్ లెటర్, ప్రతి నెల పే స్లిప్, ఇవన్నీ మీ సొంత మెయిల్‌లో ఉండాలి. ఆఫీసు మెయిల్‌లో కాదు, చివరి రోజు సాయంత్రానికి అది మూసేస్తారు. చిన్న కంపెనీలో చేరేముందే అడగండి, పీఎఫ్ కడతారా అని. కట్టం అంటే, మీ అనుభవానికి బలమైన సాక్ష్యం ఒకటి పోయినట్టే.

ఇప్పుడు దీనికి తిరగేసిన కేసు ఒకటి చెప్తాను, లేకపోతే మీరంతా చిన్న కంపెనీలే మంచివి అనుకుని వెళ్తారు. ఒంగోలు కుర్రాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి, ముప్పై మంది ఉన్న కంపెనీలో చేరి మూడేళ్ళు చక్కగా కోడ్ రాశాడు. టోటల్ మూడు, రెలెవెంట్ మూడు. రెండో గడి నిండుగా ఉంది. కానీ కాల్స్ లేవు. ఎందుకు? కంపెనీ పేరు ఎవరికీ తెలియదు. అంతకంటే ఘోరం, మా రంగంలో దొంగ అనుభవం పత్రాలు అమ్ముకునే, బోర్డు తప్ప పని లేని కంపెనీలు కొన్ని ఉన్నాయి, తెలియని చిన్న పేరు చూడగానే రిక్రూటర్‌కు ఆ అనుమానం వస్తుంది. పాపం ఆ కుర్రాడిది నిఖార్సైన అనుభవం.

వాడికి ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో ఆఫర్ వచ్చింది. పని కొత్తగా నేర్పేదేమీ లేదు, తను చేసిందే. జీతం కూడా పెద్దగా పెరగలేదు. "కొత్తగా ఏమీ నేర్చుకోను కదా సార్, వదిలేయనా" అన్నాడు. చేరు నాన్నా, చేరు అన్నాను. వాడికి కావాల్సింది పని కాదు, తలుపు తెరిచే పేరు. ఏడాదిన్నర ఉన్నాడు, ఆ తరవాత కాల్స్ వాటంతటవే మొదలయ్యాయి. అదే కంపెనీ ఆ అమ్మాయి రెజ్యూమెకు ఏమీ కలపదు, ఈ కుర్రాడి రెజ్యూమెకు చాలా కలిపింది. కంపెనీ మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే అందుకే నేను సమాధానం చెప్పలేను. ఎవరి రెజ్యూమెకు అని ఎదురు ప్రశ్న వేస్తాను.

కానీ ఇలా పేరు కోసం చేరేవాళ్ళు ఒక్కటి చూసుకోండి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల తొంభై రోజులు. ఆ ఐదో గడి గుర్తుందా? అవతల మేనేజరుకు మనిషి ముప్పై రోజుల్లో కావాలి. తొంభై అనగానే చాలా షీట్లలో మీ వరస దాటేస్తారు. ఇంకొకటి, మీరు జావాకని చేరినా చేరాక ఏ ప్రాజెక్టు ఖాళీ ఉంటే అందులో వేయొచ్చు. అందుకని ప్రాజెక్టు ఏదో, మేనేజరు ఎవరో తెలిసే ఆఫరా, లేక "చేరాక చెప్తాం" అనే ఆఫరా అని అడిగి తెలుసుకోండి. రెండో రకంలో మీరు ఒప్పుకుంటున్నది పేరుకు, జీతానికి మాత్రమే, పనికి కాదు. ఫ్రెషర్లకు ఆ ఛాయిస్ ఉండదు, అది నాకు తెలుసు. మొదటి ఉద్యోగం ఏది దొరికితే అందులో చేరండి. రెండోది మాత్రం అలా చేరొద్దు.

ఇప్పటికే సపోర్ట్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది? అమ్మో, చాలామందే ఉన్నారు. మీ ముఖాలు చూస్తే నాకు దిగులేస్తోంది, అలా కూర్చోకండి. రెండు రెజ్యూమె లైన్లు చదువుతాను. ఒకటి, "రోజుకు నలభై టికెట్లు గడువులోపల పరిష్కరించాను." రెండోది, "రాత్రి జాబు వారానికి మూడుసార్లు ఫెయిలవుతుంటే లాగ్స్ చూసి, ఒక క్వెరీ టేబుల్ మొత్తం చదువుతోందని కనిపెట్టి, ఇండెక్స్ పెట్టించాను. నాలుగు గంటల జాబు యాభై నిమిషాలకు వచ్చింది, ఆ రకం టికెట్లు ఆగిపోయాయి." ఇద్దరూ ఒకే టీమ్‌లో, ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు. రెండో అతనికి సైట్ రిలయబిలిటీ ఉద్యోగాలకు పిలుపులు వచ్చాయి. ఎల్ త్రీకి పంపేసిన టికెట్ మళ్ళీ తెరిచి, వాళ్ళు ఏం మార్చారో చదివేవాడు. అంతే తేడా. ఎవరూ చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు.

మీ సీటులో అలా చేసే వీలుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష. ఆరు నెలలకొకసారి రెజ్యూమె తెరిచి ఒక్క కొత్త లైను రాయడానికి ప్రయత్నించండి. మీరు చేసిన పని, దానివల్ల మారింది, ఈ రెండూ ఉండాలి. ఒకసారి రాయలేకపోతే పర్వాలేదు, ప్రాజెక్టుల్లో అలాంటి కాలాలు వస్తాయి. వరసగా రెండుసార్లు, అంటే ఏడాది పాటు, రాయడానికి ఏమీ లేదంటే మేనేజరుతో మాట్లాడే సమయం వచ్చినట్టు. కోడ్ చూడ్డానికైనా యాక్సెస్ ఇవ్వమని అడగండి. అదీ ఇవ్వరంటే బయట వెతకడం మొదలుపెట్టండి.

ఏమ్మా, ఏదో అడగాలని చెయ్యెత్తావు? ఆ, అడుగు.

మంచి ప్రశ్న. అందరికీ వినపడలేదు, నేను మళ్ళీ చెప్తాను. పెద్ద కంపెనీలో పని, కానీ ఉద్యోగం వేరే ఏజెన్సీ పేరోల్ మీద. రెజ్యూమెలో ఏ పేరు రాయాలి అని అడుగుతోంది. ఇందులో చాలామంది దెబ్బతిన్నారు, జాగ్రత్తగా వినండి. మీ ఆఫర్ లెటర్ ఎవరిచ్చారు? ఏజెన్సీ. పీఎఫ్ ఎవరు కడుతున్నారు? ఏజెన్సీ. ఫారం 16 మీద ఎవరి పేరుంటుంది? ఏజెన్సీదే. మీరు రెజ్యూమెలో పెద్ద కంపెనీ పేరు ఒక్కటే రాస్తే, వెరిఫికేషన్‌లో యూఏఎన్ తీయగానే వేరే పేరు కనపడుతుంది. మీరు అబద్ధం చెప్పారని రాసుకుంటారు, ఆఫర్ వెనక్కి పోతుంది. మీరు నిజంగా ఆ గేటు లోపలే, ఆ కంపెనీ టీమ్‌తోనే రెండేళ్ళు పనిచేసినా సరే. అందుకని ఏజెన్సీ పేరును ఉద్యోగం ఇచ్చినవాళ్ళుగా, పెద్ద కంపెనీ పేరును క్లయింటుగా, రెండూ రాయండి. క్లయింటు పేరు బయటపెట్టకూడదని మీ ఒప్పందంలో ఉంటే "ఒక పెద్ద రిటైల్ సంస్థ" అని రాసి, పని మాత్రం వివరంగా రాయండి. మొదటి ఫోన్ కాల్‌లోనే రిక్రూటర్‌కు చెప్పేయండి. మొదటి కాల్‌లో చెప్తే అది మామూలు సమాచారం, రోజూ వింటాం. చివర్లో మేం కనిపెడితే అదే అబద్ధం అవుతుంది.

ఆ అమ్మాయి గురించి ఎవరో అడుగుతున్నారు, ఇప్పుడెక్కడ ఉంది అని. చిన్న కంపెనీలో రెండేళ్ళ రెండు నెలలు చేసింది. ఆగిన జీతాలు వచ్చాయి, ఆలస్యంగానైనా. తరవాత ఒక జీసీసీలో బ్యాకెండ్ డెవలపర్‌గా చేరింది, ఆ బ్యాంకు కాదు, వేరేది. రిక్రూటర్ ఫోన్ చేసిన రోజు సాయంత్రం నాకు చెప్పింది. "టోటల్ నాలుగున్నర, రెలెవెంట్ రెండు అని ఉన్నదున్నట్టు చెప్పేశాను సార్, ఈసారి గొంతు వణకలేదు" అంది.

ఇంకా ప్రశ్నలుంటే బయట టీ దగ్గర మాట్లాడుకుందాం. రెజ్యూమె తెచ్చినవాళ్ళు అక్కడికే తీసుకురండి, ఒక్కొక్కటి చూస్తాను, నాకు ఏడింటిదాకా బస్సు లేదు.